టులెట్ బోర్డు తీసే ముందు



మిర్చి యార్డుకు టిక్కీల లారీలు బారులు తీరే రోజులు దాటి ఎండలు ముదిరేసరికి, గుంటూరులోనూ ఒంగోలులోనూ అద్దె ఇళ్ల హడావిడి మొదలవుతుంది. పిల్లల చదువుల కోసం అద్దంకి, పర్చూరు, మార్టూరు వైపు నుంచి పట్నానికి వచ్చే కుటుంబాలు బడులు తెరిచేలోగా ఇల్లు చూసుకోవాలి. పాతవాళ్లు ఖాళీ చేసి వెళ్లాక, కొత్తవాళ్లు పాలు పొంగించేలోగా, ఇల్లు నాలుగు రోజులు ఖాళీగా ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో యజమాని గోడలకు రంగు వేయిస్తాడు, కారే కుళాయి మార్పిస్తాడు, ఊడిన తలుపు గడియ బిగిస్తాడు. గ్యాస్ సంగతి అడిగితే మాత్రం, 'బండ వాళ్లది, పొయ్యి వాళ్లది, వాళ్లే చూసుకుంటారు' అంటాడు.

బండ వాళ్లదే. రెగ్యులేటర్ కూడా వాళ్ల కనెక్షన్‌తో వచ్చినదే. కానీ ఈమధ్య కట్టిన ఫ్లాట్లలో బండ వంటగదిలో ఉండటం లేదు. వెనక బాల్కనీలో పెట్టి, అక్కడి నుంచి గోడలోగుండా రాగి పైపు లాగి, వంటగట్టు మీద పొయ్యి దగ్గర తేలుస్తున్నారు. ఆ పైపు ఇంటిది. పైపు వెళ్లే కంత ఇంటిది. బండ పెట్టే చోటు, అక్కడ గాలి ఆడే దారి, మెట్లు, మీటర్ బోర్డు అన్నీ ఇంటివే. అద్దెకు దిగినవాళ్లు వీటిలో ఏదీ మార్చలేరు, చాలావాటిని చూడను కూడా చూడలేరు. సామాను దిగి, వంటగది అరలు నిండాక యజమాని చూడాలన్నా కుదరదు. అందుకే ఆ ఖాళీ రోజులు పోనివ్వకూడదు.

ఒక ఇల్లు తీసుకుందాం. గుంటూరులో రెండో అంతస్తు, రెండు పడకగదుల ఫ్లాటు. వంటగది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు. బండ వెనక బాల్కనీలో. పన్నెండడుగుల రాగి పైపు గోడ దాటి పొయ్యి దగ్గరికి వస్తుంది. పాత కుటుంబం ఈ ఆదివారం వెళ్తోంది, కొత్తవాళ్లు వచ్చే గురువారం దిగుతారు.

మొదటి పని పాతవాళ్లు వెళ్లకముందే చేయాలి. వాళ్లు బండ తీసుకుపోయాక పైపులో గ్యాస్ ఉండదు, సబ్బు నీళ్ల పరీక్షకు వీలుండదు. కాబట్టి శనివారం నాడే వెళ్లి, 'అమ్మా, ఒక పావుగంట గ్యాస్ పైపు చూసుకుంటాను' అని అడగండి. పొయ్యి నాబులన్నీ కట్టి, ఇంట్లో దీపం, అగరొత్తి ఏదీ వెలగడం లేదని చూసుకుని, రెగ్యులేటర్ తెరవాలి. గిన్నెలు తోమే సబ్బు కొంచెం నీళ్లలో చిక్కగా కలిపి, చిన్న కుంచెతో ప్రతి అతుకు మీదా రాయాలి. రెగ్యులేటర్ బండకు కూర్చునే చోట, ట్యూబు రెండు కొసల దగ్గర, పైపు నట్ల దగ్గర, పొయ్యి వెనక కొళాయి దగ్గర రాసి, ఒక్కో చోట నిదానంగా చూడాలి. పెద్ద కారుడయితే బుడగ వెంటనే ఉబ్బుతుంది. సన్నదయితే ఆవగింజలంత తెల్లటి నురుగు మెల్లగా పోగవుతుంది. ఈ రెండోదే కళ్లు తప్పించుకుంటుంది. అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు కొందరు మేస్త్రీలకు ఇంకా ఉంది. అలా చూస్తానన్న మనిషిని ఆ పనిలోకి రానివ్వకండి.

సబ్బు నీళ్లు కనిపించే అతుకుల సంగతే చెబుతాయి. గోడలో దాగిన పైపు మాటేమిటి? దానికి ఒక పరీక్ష ఉంది. ఇల్లు ఖాళీ అయ్యాక, గ్యాస్ లేకుండా, ఉత్త గాలితో చేసేది. గ్యాస్ ఏజెన్సీ మెకానిక్‌ను పిలిస్తే చేస్తాడు. ఎలా చేస్తారో తెలిస్తే అతని చేత పూర్తిగా చేయించుకోవచ్చు.

ఇంటి రెగ్యులేటర్ నుంచి బయటికి వచ్చే గ్యాస్ ఒత్తిడి చాలా తక్కువ. చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు. నీటి లెక్కలో చెబితే, అది సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున నిలిచే నీటి బరువుకు సమానం. కాబట్టి దీన్ని కొలవడానికి తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ ట్యూబు చాలు. ఆ పారదర్శకపు ట్యూబును ఆంగ్ల యూ అక్షరంలా వంచి, ఒక చెక్కకు కట్టి, పక్కన స్కేలు అంటించి, సగం దాకా నీళ్లు పోయాలి. ఒక కొసను పొయ్యి దగ్గరి పైపు ముక్కుకు తొడగాలి. రెండో కొస గాలికి తెరిచి ఉండాలి. బాల్కనీ వైపు నుంచి సైకిలు పంపుతో చాలా మెల్లగా గాలి కొట్టాలి. జోరుగా కొడితే నీళ్లు ఎగిరి బయట పడతాయి. ఒక పక్క నీరు దిగి, రెండో పక్క ఎక్కి, రెండింటి మధ్య తేడా 30 సెంటీమీటర్లకు రాగానే బాల్కనీ కొళాయి కట్టేయాలి. నీళ్లు కుదురుకోవడానికి అయిదు నిమిషాలు వదిలి, మట్టం గుర్తు పెట్టుకుని, మరో పది నిమిషాలు చూడాలి. పన్నెండడుగుల సన్నని రాగి పైపులో పట్టే గాలి అర లీటరు కూడా ఉండదు. అందుకని సూది మొనంత బెజ్జం ఉన్నా నీటి మట్టం మన కళ్ల ముందే దిగిపోతుంది.

మన ప్రాంతంలో ఇక్కడొక చిక్కుంది. మూసిన పైపులో గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నీటి మట్టంలో మూడు సెంటీమీటర్లకు పైగా తేడా వస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎండ తగిలే బాల్కనీ పైపు మీద ఈ పరీక్ష చేస్తే, సన్నని కారుడు ఉన్నా, పైపు వేడెక్కుతున్నందువల్ల మట్టం నిలిచినట్టే కనబడుతుంది. పైపు బాగుందని సంతకం పెట్టి మెకానిక్ వెళ్లిపోతాడు. పైపు చల్లబడుతున్న వేళ చేస్తే మంచి పైపు కూడా కారుతున్నట్టు చూపిస్తుంది. ఎండ ఎక్కకముందు, తెల్లవారి ఆరు గంటల లోపు చేయించండి. అనుమానమొస్తే మర్నాడు అదే వేళకు మరోసారి చేయించండి.

మట్టం దిగిందనుకోండి. ముందు బయటి అతుకులు బిగించి మళ్లీ చూడాలి. ఇంకా దిగుతుంటే లోపం గోడలో ఉన్నట్టు. పటం తగిలించడానికో, అర బిగించడానికో కొట్టిన మేకు పైపుకు తగిలి ఉండొచ్చు. సిమెంటు మధ్య తేమకు పైపు తినేసి ఉండొచ్చు. అలాంటి పైపు కోసం గోడ తవ్వి అతుకు వేయించడం నా దృష్టిలో దండగ. దాన్ని రెండు కొసలా బిరడాలు వేసి మూసేసి, కొత్త పైపును గోడ మీదుగా బయటికి కనబడేలా బిగించండి. గోడ దాటే చోట మాత్రం పైపుకు వెడల్పాటి గొట్టం తొడుగు ఉండాలి. అందానికి కొంచెం లోటే, కానీ ఆ తర్వాత ఏ అతుకయినా అయిదు నిమిషాల్లో చూసుకోవచ్చు.

రబ్బరు ట్యూబును గోడ కంతలోంచి గానీ, గ్రానైట్ రాతికి వేసిన రంధ్రంలోంచి గానీ దూర్చకూడదు. రాతి అంచు రోజూ కాస్త కాస్త కోస్తుంది, మధ్యలో ఏం జరిగిందో ఎవరికీ కనబడదు. ట్యూబు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లినా మొత్తం కంటికి కనబడాలి, మధ్యలో అతుకు ఉండకూడదు, మీటరున్నర పొడవు దాటకూడదు. కాషాయ రంగులో వచ్చే 'సురక్ష' ట్యూబులో లోపల ఉక్కు తీగ అల్లిక ఉంటుంది కాబట్టి ఎలుకలు కొరకలేవు. ధాన్యం, పప్పులు, మిరపకాయలు ఇంట్లో పోసుకునే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. దాని ఆయుష్షు అయిదేళ్లు. సంవత్సరం ట్యూబు మీదే అచ్చు వేసి ఉంటుంది. పాతవాళ్లు వదిలి వెళ్లిన ట్యూబు ఎంత కొత్తగా కనబడినా తీసి పారేసి, ఏజెన్సీలో కొత్తది కొని పెట్టండి.

సన్నని కారుడికి ఇంత పరీక్ష దేనికని అడుగుతారు. మన వంటగది లెక్కే చూడండి. అందులో పట్టే గాలి సుమారు 22 ఘనపు మీటర్లు. నూరు పాళ్ల గాలిలో రెండు పాళ్ల గ్యాస్ కలిస్తే ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అంటే సుమారు ఒక కిలో గ్యాస్ చాలు. బండలో ఉండేది 14.2 కిలోలు. పైగా అది గది నిండా సమానంగా పరుచుకోదు. వంట గ్యాస్ గాలికన్నా బరువు. నీళ్లలాగా నేల మీదే పాకుతుంది, పల్లానికి పోతుంది, మోరీలోకి దిగుతుంది. అందుకే కిలో కూడా అక్కర్లేదు. రాత్రంతా కారిన కొద్దిపాటి గ్యాస్ నేల మట్టాన చిక్కగా నిలిచి ఉంటే, తెల్లవారి ఫ్రిజ్ తనంతట తాను ఆన్ అయినప్పుడు పుట్టే చిన్న మెరుపు చాలు.

కాబట్టి గాలి దారి కిటికీ ఎత్తున ఉంటే సరిపోదు. వంటగట్టు పైనుండే కిటికీ, ఆ పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పొగకు పనికొస్తాయి, గ్యాస్‌కు పనికిరావు. బండ ఉండే చోట నేలకు జానెడు ఎత్తులోపు, బయటి గాలిలోకి తెరుచుకునే కంత ఒకటి ఉండాలి. ఎలుకలు రాకుండా దానికి ఇనుప జాలీ వేయించండి. వంటగట్టు కింద అరలో బండ పెట్టే ఏర్పాటు ఉంటే ఆ అర తలుపుకు అడుగున బెజ్జాలు తప్పనిసరి. బాల్కనీ అయితే బయటే కదా అని ధీమాగా ఉండకండి. దుమ్ము, దోమలు వస్తున్నాయని చాలామంది వెనక బాల్కనీకి అద్దాల కిటికీలు బిగించేస్తున్నారు. నడుము ఎత్తు గోడ, దాని పైన అద్దాలు. అప్పుడది బాల్కనీ కాదు, గ్యాస్ నిలిచే తొట్టి. అడుగున గోడకు కంత పెట్టించండి. అక్కడున్న మోరీకి నీరు నిలిచే మూత బిగించండి. గ్యాస్ పసిగట్టి మోగే అలారం పెట్టాలనుకునే యజమానులు దాన్ని నేలకు ఒక అడుగు ఎత్తులో పెట్టించండి. పొగ అలారంలా పైకప్పు దగ్గర పెడితే వంట గ్యాస్ అక్కడికి చేరేలోపే ప్రమాదం జరిగిపోతుంది.

ఇక గ్యాస్ గీజరు. పాత అద్దెవాళ్లు స్నానాల గదిలో గోడకు బిగించి, వెళ్తూ వెళ్తూ 'ఉంచుకోండి' అని వదిలేసిపోతుంటారు. ఉంచుకోకండి. మూసిన చిన్న గదిలో అది మండితే గదిలోని ప్రాణవాయువు తరిగి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తల బరువెక్కడం, వాంతి వచ్చినట్టు ఉండటం తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. లోపలి గడియ వేసి ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. గ్యాస్ గీజరు పెట్టాలంటే బయట, గాలి ధారాళంగా ఆడే చోట బిగించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తీసుకోవాలి. అలాంటి చోటు లేని ఫ్లాటులో కరెంటు గీజరే పెట్టాలి. ఇందులో రాజీ లేదు.

ఫ్లాటు తలుపు బయట కూడా యజమాని బాధ్యత ఉంది. మన పత్తి, మిరప ప్రాంతంలో అది ఇంకా ఎక్కువ. కింది పోర్షన్లో సరుకు, పైన కుటుంబాలు ఉండే ఇళ్లు చిలకలూరిపేటలోనూ నరసరావుపేటలోనూ వీధి వీధికీ కనబడతాయి. ధర వచ్చేదాకా పత్తి ఇంట్లోనే పోసి ఉంచే రైతులున్నారు. మెట్ల కింద ఖాళీ గోనె సంచులు కట్టలు కట్టి పెడతారు, పక్కనే మీటర్ బోర్డు ఉంటుంది, దాని ముందు నాలుగు మోటారు సైకిళ్లు నిలబెడతారు. పత్తికి నిప్పంటుకుంటే పైన నీళ్లు పోసినా లోపల కుములుతూనే ఉంటుంది, ఎంతోసేపటికి మళ్లీ రాజుకుంటుంది. ఆ పొగకు పైకి పోవడానికి మెట్లే దారి, పైనున్నవాళ్లకు దిగడానికీ మెట్లే దారి.

హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో 2023 నవంబర్ 13న జరిగింది ఇదే. కుటుంబాలు కాపురముంటున్న భవనం కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. పైన ఉన్నవాళ్లలో తొమ్మిది మంది చనిపోయారు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న భవనంలో 17 మంది పోయారు. వాళ్లలో పిల్లలు ఎనిమిది మంది. దిగడానికి ఉన్నది ఇరుకైన ఒక్క మెట్ల దారి. పొగ దాన్ని ముందే ఆక్రమించింది.

కొత్త కుటుంబాన్ని దించే ముందు మెట్ల కింద ఉన్న సరుకంతా తీయించండి. అది మీ సరుకైనా సరే, ఏళ్ల తరబడి ఉంటున్న కింది పోర్షన్ వాళ్లదైనా సరే. మీటర్ బోర్డు ముందు మూడడుగులు ఖాళీ ఉంచి, అక్కడ బళ్లు నిలపకూడదని గీత గీయించండి. డాబా తలుపుకు తాళం వేసే అలవాటుంటే దాని చెవి ఒకటి ప్రతి ఫ్లాటులోనూ ఉండాలి. కిటికీ ఇనుప గ్రిల్లుల్లో కనీసం ఒకదానికి తెరుచుకునే తలుపు పెట్టించి, దాని తాళం చెవి పక్కనే మేకుకు తగిలించండి. దొంగల భయంతో మొత్తం ఇంటిని బోనులా బిగించిన యజమానులకు ఇది ఇష్టం ఉండదు. అయినా చేయించాలి.

కరెంటు బండ్లు వచ్చాక ఇంకో పని కలిసింది. విజయవాడలో 2022 ఏప్రిల్‌లో, పడకగదిలో చార్జింగ్‌కు పెట్టిన బండి బ్యాటరీ పేలి ఆ ఇంటి మనిషి చనిపోయాడు. కింద చార్జింగ్‌కు చోటు లేకపోతే జనం బ్యాటరీ విప్పి ఇంట్లోకే తెచ్చుకుంటారు. పార్కింగ్‌లో, మెట్లకు దూరంగా, విడిగా ఎమ్‌సీబీ ఉన్న ఒక సాకెట్టు పెట్టించండి.

ఇంట్లో వైరింగుకు మూడే మాటలు. ఏసీ, గీజరు, ఇండక్షన్ పొయ్యి కలిపి అరగంట నడిపించి, స్విచ్చు బోర్డుల ప్లాస్టిక్ పలకలను చేతి వెనక భాగంతో తాకి చూడండి. వేడిగా ఉన్న బోర్డులో స్క్రూ వదులైనట్టు, ఎలక్ట్రీషియన్ చేత తీయించి చూడాలి. పదే పదే పడిపోతోందని 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ తీసి 32ది వేసి ఉంటే వెంటనే మార్పించండి. పడిపోవడమే దాని పని. పెద్దది వేస్తే అది ఊరుకుంటుంది, గోడలో తీగ కాలుతుంది. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించి, దాని మీద ఉండే టెస్ట్ బొత్తాం నొక్కితే ఠక్కున పడుతోందో లేదో చూడండి.

చివరి పని కాగితానిది. యజమానులు దీన్ని భద్రతతో కలిపి చూడరు. అద్దెవాళ్లు గ్యాస్ కనెక్షన్ ఈ చిరునామాకు మార్చుకోవాలన్నా, కొత్తది తీసుకోవాలన్నా సాధారణంగా అద్దె ఒప్పందం కావాలి. పన్నుల భయంతోనో, బద్ధకంతోనో యజమాని ఒప్పందం రాయకపోతే వాళ్లు ఏం చేస్తారు? చిల్లర దుకాణంలో దొరికే చిన్న బండ తెచ్చుకుంటారు. ఎవరో పెద్ద బండలోంచి చేత్తో నింపిన సరుకది. దాని కొళాయిని ఎవరూ పరీక్షించి ఉండరు. చదువుకునే కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి ఉండే గదుల్లో తరచూ కనబడేది ఇదే. ఒప్పందం తాళం చెవులతో పాటు, అదే రోజున ఇవ్వండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఆయిల్ కంపెనీల డీలర్ల దగ్గర చిరునామా రుజువు లేకుండా దొరికే అయిదు కిలోల బండ సంగతి వాళ్లకు చెప్పండి. దానికి ముద్ర ఉంటుంది, రెగ్యులేటర్ ఉంటుంది. కంపెనీలు చేయించే బీమాలో ఆస్తి నష్టం లెక్క కూడా కనెక్షన్ నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. పాత చిరునామాతో తెచ్చుకున్న బండ మీ ఇంట్లో పేలితే, మీ గోడలకు ఆ బీమా రాదు.

గురువారం కొత్తవాళ్లు దిగినప్పుడు ఇల్లాలిని వెంటబెట్టుకుని వెళ్లి బాల్కనీ కొళాయి, మెయిన్ స్విచ్చు, గ్రిల్లు తాళం చెవి, డాబా దారి చూపించండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చు వేయకూడదు, తీయకూడదు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక ఫోను చేయాలని చెప్పండి. గ్యాస్ కారుడికి 1906, మంటలకు 101. ఈ రెండు నంబర్లూ ఫ్లాటు తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో రాయించండి.